కౌంటరమ్మాయికి ఇచ్చిన కుర్చీ

మా వీధిలో ఇప్పుడు తిరుగుతున్న కథ ఇది. ఆసుపత్రి వాళ్ళు పాపమని ప్రత్యేకంగా కుర్చీ తెప్పించి ఇస్తే, మా పక్కింటి కౌంటరమ్మాయి దాన్ని ఎత్తి మేనేజరు నెత్తిన వేసిందట. పాలావిడ నోట్లో అది ఉత్త నెత్తి. ఇస్త్రీ అతని దగ్గరికి వచ్చేసరికి నెత్తి పగిలింది. కిరాణా కొట్టుకి చేరేసరికి కుట్లు పడ్డాయి. నిన్న బస్సులో ఎవరో నా పక్కన కూర్చుని, ఆ మేనేజరు పోయాడని నాకే చెప్పారు. నేను ఆయన్ని ఆ పొద్దునే చూశాను. నిక్షేపంలా ఉన్నాడు. నా కడుపుమంట కూడా అదే.

అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివాక కూడా ఎవరికైనా నోరు దురద పెడితే నా ఇంటికి రండి, గోక్కోవడానికి చోటు చూపిస్తాను.

ఆ అమ్మాయి పుట్టిన రోజు నుంచీ నాకు తెలుసు. మా రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ, అదీ పలచన. వాళ్ళమ్మ నన్ను అక్కా అంటుంది, అమ్మాయి పెద్దమ్మా అంటుంది. పుట్టినప్పుడు చూడబోతే పిల్ల ముద్దుగా, బొద్దుగా ఉంది. తల కాస్త పెద్దది, నుదురు ముందుకొచ్చింది. ఒళ్ళు అందరి పిల్లల్లాంటి ఒళ్ళే. చేతులూ తొడలూ మాత్రం పొట్టిగా, చర్మం ఎక్కువై మడతలు పడి, పెద్ద చొక్కా చేతులు పైకి మడిచినట్టున్నాయి. చూసిన ప్రతివాళ్ళూ "ఎదిగితే సర్దుకుంటుందిలే" అన్నారు. నేనూ అన్నాను. సర్దుకోవడానికి అదేమన్నా పక్క దుప్పటా?

పిల్లల డాక్టరు ఎక్స్‌రే తీయించి, వాళ్ళమ్మానాన్నల్ని కూర్చోబెట్టి చెప్పాడు. నేనూ వెళ్ళాను. చేతుల్లో కాళ్ళల్లో ఉండే పొడుగు ఎముకల చివర మెత్తటి భాగం ఒకటి ఉంటుందట. అది కొద్దికొద్దిగా గట్టిపడుతూ పోతేనే ఎముక సాగుతుంది. ఈ పిల్లకి ఆ పని చాలా నెమ్మదిగా జరుగుతోంది. వెన్నెముక పొడుగు మాత్రం ఇంచుమించు అందరిలాగే పెరుగుతుంది. అకాండ్రోప్లేసియా అంటారు దీన్ని అని పేరు చెప్పాడు. వాళ్ళ నాన్న గుమ్మం తగిలేంత మనిషి. "మా ఇంట్లో ఎవరూ పొట్టివాళ్ళు లేరు కదండీ" అన్నాడు, ఎటు చూడాలో తెలియక పెళ్ళాం వైపు చూస్తూ. డాక్టరు ఆ చూపు పట్టేశాడు. "అటు చూడకండి. ఇలాంటి పిల్లల్లో ఎక్కువమందికి తల్లీ తండ్రీ మామూలు ఎత్తువాళ్ళే. బిడ్డ కడుపున పడ్డప్పుడే కొత్తగా వచ్చే మార్పు ఇది. ఎవరి తిండి వల్లా కాదు, ఎవరి నడక వల్లా కాదు" అన్నాడు.

డాక్టరు ఒక్కసారే చెప్పాడు. వీధి మాత్రం రోజూ చెప్పింది.

వీధి చెప్పిందేమిటంటే, వెనక సందులో ఇంకో పిల్ల ఉండేది, వయసుకి తగ్గ ఎత్తు లేనిది. ఆ పిల్లకి ఇంజెక్షన్లు వేయించారు, ఎదిగింది. అంతే, అందరూ వచ్చి మా పక్కింటి తల్లి మీద పడ్డారు. "వాళ్ళు వేయించారు, నువ్వెందుకు వేయించవు? కన్నబిడ్డ మీద అంత పిసినారితనమా?" ఏళ్ళ తరబడి ఈ మాట. ఒక్కరికీ కళ్ళు తెరిచి ఇద్దరు పిల్లల్నీ చూడాలని తట్టలేదు. వెనక సందు పిల్లని ఒంటరిగా ఫొటో తీస్తే పొట్టి అని ఎవరికీ తెలియదు. తలకి తగ్గ ఒళ్ళు, ఒంటికి తగ్గ కాళ్ళు. పెద్ద బొమ్మని అన్ని వైపులా సమానంగా చిన్నది చేసినట్టుండేది. పక్కన ఇంకో పిల్ల నిలబడితేనే తేడా కనిపించేది. మా అమ్మాయిని ఒంటరిగా ఫొటో తీసినా తెలుస్తుంది. ఒళ్ళు ఒక కొలత, కాళ్ళూ చేతులూ వేరే కొలత. డాక్టరుని నేను అడగనే అడిగాను. "ఆ పిల్లకి తక్కువైంది ఎదిగించే హార్మోను. బయటినుంచి ఇచ్చాం, ఎదిగింది. ఈ పిల్లకి హార్మోను నిండుగానే ఉంది. దాన్ని అందుకోవలసిన ఎముకే అందుకోవడం లేదు. ఆ ఇంజెక్షను ఈ పిల్లకి పనికొచ్చేది కాదు" అన్నాడు. ఎదిగే పిల్లలకి ఇప్పుడేవో కొత్త మందులు వచ్చాయంటున్నారు. అప్పట్లో లేవు. లేని మందు వేయించలేదని ఒక తల్లిని అన్నేళ్ళు తిన్నారు.

బట్టల సంగతి ఇంకో గోల. ఎత్తు చూసి చిన్నపిల్లల గౌను తెస్తే ఒంటి దగ్గర బిగిసిపోయి నడుము దాకా కూడా రాదు, చేతులు మాత్రం వేళ్ళు దాటి వేలాడతాయి. పెద్దవాళ్ళ జాకెట్టు కొని చేతులూ అడుగూ కత్తిరించి కుడితే అప్పుడు సరిపోయేది. మోచెయ్యి పూర్తిగా చాచడానికి రాదు, చెయ్యెత్తితే నడినెత్తిని అందుకోవడమే కష్టం. పొడుగు పిడి దువ్వెనతో జడ వేసుకోవడం నేర్చుకుంది. "ఎవరైనా వెయ్యండీ" అని ఇల్లిల్లూ తిరగలేదు. ఆ పిల్లకి కోపం ఎక్కువ, చిన్నప్పుడు కూడా. నాకు నచ్చేది.

చదువైపోయాక మా పెద్ద ఆసుపత్రిలో చీటీల కౌంటరులో ఉద్యోగం వచ్చింది. రోగి పేరూ, జబ్బూ అడిగి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో చీటీ రాసిచ్చే పని. ఆ కౌంటరులో అద్దం, అద్దంలో మాట్లాడడానికి కన్నం. ఒక పాత చెక్క కుర్చీ. ఆ కుర్చీని అమ్మాయి తనే బాగు చేసుకుంది. కాళ్ళు గాల్లో వేలాడకుండా కింద చెక్కపెట్టె, తొడలు పొట్టి కాబట్టి వీపుకీ కుర్చీకీ మధ్య ఖాళీ రాకుండా వెనక ఒక గట్టి దిండు. అంతే. అందులో కూర్చుంటే పక్క కౌంటరు ఆవిడా మా అమ్మాయీ భుజానికి భుజం సమానం. అద్దం ఇవతల ఉన్నవాళ్ళకి ఏమీ తెలియదు.

ఒకసారి ఒక పెద్దమనిషి చీటీ ఆలస్యమైందని అద్దం మీద కొట్టి మరీ అరిచాడు. "నాతో మాట్లాడేటప్పుడు లేచి నిలబడు!" అన్నాడు. అమ్మాయి దిగింది. అద్దంలో మనిషి మాయం. "ఏదీ? పారిపోయిందా?" అన్నాడాయన. కౌంటరు కిందనుంచి జవాబు వచ్చింది. "నిలబడ్డానండీ. చెప్పండి." వరసలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. ఆయన చీటీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన జబ్బేమిటో గానీ, సగం అక్కడే నయమై ఉంటుంది.

ఇలా ఏళ్ళు గడిచాయి. తర్వాత కొత్త మేనేజరు వచ్చాడు.

అదే ఆసుపత్రిలో ఇంకొకాయన పనిచేస్తాడు. లెక్కల సారు అంటారు. ఆయనా పొట్టే. ఆయనకీ మా అమ్మాయికీ నిలబడితే ఒకటే ఎత్తు, గీత గీసినట్టు. కానీ ఆయనది వెనక సందు పిల్ల బాపతు. చిన్నప్పుడు హార్మోను తక్కువని ఎవరూ కనిపెట్టలేదు, కనిపెట్టేసరికి ఎముకలు ఎదగడం ఆగిపోయింది. మీసాలున్న బడిపిల్లాడిలా ఉంటాడు, పాపం. ఆ మాట ఆయన ముందు అనకూడదు. అన్నవాళ్ళ జీతం లెక్కలో ఏదో ఒక తిరకాసు వస్తుందని ఆసుపత్రిలో నమ్మకం.

ఎవరో దాతలు ఆసుపత్రికి సాయం చేస్తామన్నారట. వాళ్ళకి చూపించడానికి ఏదో ఒక మంచిపని కావాలి. మేనేజరుకి వీళ్ళిద్దరూ కనిపించారు. "మన పొట్టివాళ్ళకి ప్రత్యేకమైన కుర్చీలు" అన్నాడు. కొలతలు ఎవరు తీశారు? ఎవరూ తీయలేదు. కుర్చీలు చేసేవాడికి మనిషి ఎత్తు చెప్పారు, అంతే. ఆ ఎత్తున్న పిల్లవాడికి ఎలాంటిది కావాలో వాడు అలాంటిది చేశాడు. బల్లకి అందేలా పొడుగు ఇనప కాళ్ళు పెట్టి, పాదాలకి అడ్డకమ్మీ పెట్టి, ఒకేలాంటివి రెండు.

లెక్కల సారుకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. పాదాలు కమ్మీ మీద, వీపు వెనక్కి, చేతులు బల్ల మీద. ఆయన సంతోషించాడు కూడా.

మా అమ్మాయిని అందులో కూర్చోబెడితే ఏమవుతుంది? ఆయన ఒళ్ళు చిన్నది కాబట్టి ఆయన్ని అంత ఎత్తున కూర్చోబెట్టారు. ఈ పిల్ల ఒళ్ళు నిండు మనిషి ఒళ్ళు. అంత ఎత్తున కూర్చుంటే తల అద్దం పైచట్రానికి తగులుతోంది. మాట్లాడే కన్నం గుండెల దగ్గరికి వచ్చింది. రోగి మాట వినాలంటే మెడ వంచి కిందికి దిగాలి. వీపు ఆనించే పలక సగం వీపుకే. కింద చూస్తే, కమ్మీ ఆయన కాళ్ళకి పెట్టింది. ఈ పిల్ల పాదాలకీ కమ్మీకీ మధ్య జానెడు గాలి. కుర్చీ అంచు పిక్కల్లోకి కోసుకుపోతూ, కాళ్ళు రోజంతా వేలాడుతూ. పాత కుర్చీ, పెట్టె, దిండు ఏవీ అని అడిగితే "చూడ్డానికి బాగాలేవని పాత సామానుకి వేసేశాం" అన్నారు.

అమ్మాయి అడిగింది. మర్యాదగానే అడిగింది. నాకు చెప్పింది, గోడ అవతలి నుంచి అమ్మకీ చెబుతుంటే నేనూ విన్నాను.

"సార్, ఇది నాకు సరిపోవడం లేదు. నా పాత కుర్చీ ఇప్పించండి."

"లెక్కల సారుకి సరిపోయిందే! ఇద్దరిదీ ఒకటే ఎత్తు కదమ్మా."

"నిలబడితే ఒకటే ఎత్తు సార్. నేను నిలబడి పనిచెయ్యను కదా."

"నీకోసమే ప్రత్యేకంగా చేయించాం. అలవాటు చేసుకో."

మళ్ళీ అడిగింది. "ఎంత చేసినా తృప్తి లేదు" అన్నాడు. ఇంకోసారి అడిగితే, "కూర్చోలేకపోతే చెప్పు, ఫైళ్ళ గదికి మారుస్తా" అన్నాడు. ఫైళ్ళ గది అంటే రోజంతా నిలబడి, నిచ్చెన ఎక్కి దిగుతూ, కట్టలు మోస్తూ మేడమీదికీ కిందికీ తిరగడం. అమ్మాయి నోరు మూసుకుంది. ఆ ఫైళ్ళ గది మాట మాత్రం అప్పుడు ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ గదికి భయపడింది ఎందుకంటే, అప్పటికే కాళ్ళు మొండికేస్తున్నాయి. బస్సు దిగి ఇంటికి వస్తూ కాస్త దూరం నడిచేసరికి తిమ్మిరెక్కి బరువైపోయేవి. దారిలో గొంతుక్కూర్చునేది. కాసేపటికి తగ్గేది. లేచి మళ్ళీ నడిచేది. మళ్ళీ కూర్చునేది. ఆ కూర్చోవడాన్ని మా వీధి ఏమంది? "తాగి వస్తోంది" అంది. ఆ మాట అన్నావిడ ఎవరో నాకు తెలుసు. రాయను. తనే చదువుకుని గుర్తుపడుతుంది.

దాతలు వచ్చిన రోజు నేను నా మోకాలి నొప్పికి ఆసుపత్రిలోనే ఉన్నాను. మోకాలు అంత నొప్పేమీ లేదు, దాతలు వస్తున్నారని తెలిసి వెళ్ళాను. మేనేజరు వాళ్ళని చీటీల హాల్లోకి తీసుకొచ్చి, లెక్కల సారునీ మా అమ్మాయినీ పిలిచి పక్కపక్కన నిలబెట్టాడు. "చూశారా, అచ్చం జంట!" అన్నాడు. అందరూ నవ్వారు. ఫొటో తీశారు. లెక్కల సారు మొహం ఇంత చేసుకున్నాడు. "నేను మొన్ననే చెప్పాను మీకు. నా కుర్చీ నాకు సరిపోయింది, ఆవిడకి సరిపోదని" అన్నాడు మెల్లగా. మేనేజరు ఆయన భుజం మీద పిల్లాణ్ణి తట్టినట్టు తట్టాడు. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళీడుకొచ్చిన కూతురున్న మనిషిని అలా తడతారా?

"ఇప్పుడు ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చోండి, ఇంకో ఫొటో" అన్నాడు మేనేజరు.

"నేను ఆ కుర్చీలో కూర్చోను సార్" అంది అమ్మాయి.

"ఫొటో వరకూ కూర్చోమ్మా" అన్నాడు పళ్ళన్నీ దాతలకి కనిపించేలా నవ్వుతూ. పళ్ళ వెనక మాట వేరే. "తర్వాత నీ సంగతి చూద్దాం."

అమ్మాయి కౌంటరు వెనక్కి వెళ్ళింది, మేనేజరు కూడా వెళ్ళి కుర్చీ పక్కన నిలబడ్డాడు. అమ్మాయి ఎక్కింది. నా ముందు ఒక దాతగారి వీపు, ఎంత వెడల్పో చెప్పలేను. ఆయన చంక సందులోంచి చూద్దామని వంగుతున్నాను, దఢాలుమని చప్పుడు. చూసేసరికి కుర్చీ అడ్డంగా పడి ఉంది. మేనేజరు ఒంటికాలి మీద గెంతుతూ ముణుకు కింద పట్టుకున్నాడు. నెత్తి కాదు, గుర్తుంచుకోండి. ముణుకు కింద. అమ్మాయి కౌంటరు పట్టుకుని వేలాడి, అలాగే నేల మీదికి జారి కూర్చుంది. లేవమంటే కాళ్ళు రావడం లేదు.

చప్పుడికి ఎముకల డాక్టరు తన గదిలోంచి వచ్చాడు. మేనేజరుని దాటుకుని నేరుగా అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఆమెని తన గదిలోకి తీసుకెళ్ళమన్నాడు. "తోడెవరు?" అన్నాడు. "నేనే, వాళ్ళ పెద్దమ్మని" అని తలుపు వేసేలోగా దూరాను.

"నడుస్తుంటే తిమ్మిరా, కూర్చుంటే తిమ్మిరా?" అని అడిగాడు.

"కుర్చీలో కూర్చుంటే అంచు కోసుకుని పాదాలు మొద్దుబారతాయి. అది దిగితే పోతుంది. నడుస్తుంటే వచ్చేది వేరు. తొడల దాకా వస్తుంది."

"అప్పుడేం చేస్తావు?"

"గొంతుక్కూర్చుంటాను. లేకపోతే ముందుకి వంగుతాను. తగ్గుతుంది."

"ఎప్పటినుంచి?"

ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసి, "కుర్చీ రాకముందు నుంచే కొద్దికొద్దిగా. ఇప్పుడు ఎక్కువైంది" అంది. నాకే తెలియకుండా! ఒక్క గోడ, అదీ పలచన గోడ, నాకే తెలియకుండా.

మూత్రం ఆపుకోవడంలో తేడా ఉందా అని అడిగాడు. లేదంది. కాళ్ళల్లో బలం చూశాడు, సుత్తితో తట్టాడు, స్కాన్ తీయించాడు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. వెన్నెముక లోపల నరాలు దిగే దారి ఒకటి ఉంటుంది. ఈ రకం పొట్టివాళ్ళకి అది పుట్టుకతోనే ఇరుకు. వయసు వచ్చేకొద్దీ ఇంకా ఇరుకవుతుంది. నడుము లోపలికి వంగి ఉంటుంది కాబట్టి నిలబడి నడిస్తే నరాలు నొక్కుకుంటాయి. కూర్చుంటే, ముందుకు వంగితే దారి కాస్త తెరుచుకుంటుంది. అందుకే దారిలో ఆ కూర్చోవడం.

"మరి లెక్కల సారుకి?" అన్నాను.

"ఆయనకి ఎముకల తీరే మామూలు, చిన్నది అంతే. ఈ ఇరుకు ఆయనకి ఉండదు."

"అయితే ఆ కుర్చీ వల్ల వచ్చిందంటారా?"

"ఇరుకు కుర్చీ వల్ల రాలేదు. కానీ వీపుకి ఆధారం లేకుండా, కాళ్ళకి ఆధారం లేకుండా రోజంతా వేలాడదీస్తే ఆ నడుముకి మంచిదా? ఫైళ్ళ గదిలో రోజంతా నిలబెడితే ఇంకా చెడ్డ" అన్నాడు. ఇప్పుడు కాళ్ళల్లో బలం బాగానే ఉంది, వెన్నెముక సర్జన్ చూసి ఆ దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఎప్పుడు అవసరమో చెబుతాడు, ఈలోగా కాలు పట్టు తప్పినా మూత్రం మీద పట్టు తప్పినా క్షణం ఆగకుండా రమ్మన్నాడు.

మర్నాడు ఆసుపత్రి పెద్ద డాక్టరు గదిలో పంచాయితీ. మేనేజరు పట్టు ఒక్కటే. ఆమె కుర్చీ విసిరింది, అందరి ముందూ క్షమాపణ చెప్పి ఫైళ్ళ గదికి పోవాలి, లేదా ఇంటికి పోవాలి. అమ్మాయీ, వాళ్ళమ్మా, లెక్కల సారూ, ఎముకల డాక్టరూ ఉన్నారు. నన్ను ఎవరూ పిలవలేదు. పిలవకపోతే మాత్రం?

"ఇద్దరిదీ ఒకే ఎత్తు సార్. ఒకే కుర్చీ. ఒకరికి సరిపోయి ఇంకొకరికి ఎలా సరిపోదు? ఇది పొగరు కాక ఏమిటి?" అన్నాడు మేనేజరు.

 గోడ వారన ఒక బల్ల ఉంది, రోగులు కూర్చునేది. అమ్మాయి వెళ్ళి దాని మీద ఎక్కి కూర్చుని, వీపు గోడకి ఆనించింది. "సార్, ఒకసారి వచ్చి నా పక్కన కూర్చోండి" అంది లెక్కల సారుతో. ఆయన వచ్చి కూర్చున్నాడు.

అంతవరకూ ఒకే ఎత్తున్న ఇద్దరూ ఒక్కసారిగా మారిపోయారు. మా అమ్మాయి తల ఆయన తలకి తల పైన ఉంది. ఆయన కళ్ళు ఈ పిల్ల భుజం దగ్గర. కింద చూస్తే, ఆయన పాదాలు నేలకి అందీ అందకుండా ఉన్నాయి, ఈ పిల్ల పాదాలు బల్ల అంచు దాటి కాస్త కిందికి వచ్చి ఆగిపోయాయి. పెద్ద డాక్టరు పైనా కిందా చూశాడు. చదువుకున్నవాడే, చూడగానే ఎక్కింది. మేనేజరు మాత్రం తలలు చూశాడు, పాదాలు చూశాడు, మళ్ళీ తలలు చూశాడు.

"ఇంతకాలం నన్ను ఎత్తు అడిగారు. ఆ ఎత్తు ఎక్కడ ఉందో అడగలేదు" అంది అమ్మాయి. "ఆయనది కాళ్ళల్లోనూ ఉంది, ఒంట్లోనూ ఉంది. నాది ఒంట్లోనే ఉంది. పోనీ పొట్టివాళ్ళమంతా ఒకటే అనుకుంటే, పొడుగువాళ్ళు మీరంతా ఒకే చెప్పులు వేసుకోండి సార్."

"అది సరే," అన్నాడు పెద్ద డాక్టరు, నవ్వు ఆపుకుంటూ. "కుర్చీ సంగతి చెప్పమ్మా. పడిందా, విసిరావా?"

ఆ పిల్ల నోరు తెరిచింది. నేను అడ్డం పడ్డాను. "పడిందండీ! కాళ్ళు తిమ్మిరెక్కి జారింది, కుర్చీ ఒరిగింది. నా కళ్ళతో నేను చూశాను!" నేను చూసింది దాతగారి చంక. కానీ చప్పుడు విన్నాను, చప్పుడు వింటే చూసినట్టే. వాళ్ళమ్మ కూడా "అవునండీ, పడిందండీ" అని కన్నీళ్ళు పెట్టుకుంది. ఆవిడ అసలు ఆ రోజు ఆసుపత్రికే రాలేదు.

పెద్ద డాక్టరు ఇంక అడగలేదు. అమ్మాయి చీటీల కౌంటరులోనే ఉంటుంది అన్నాడు. ఫిజియో చేసే అమ్మాయి కొలతలు తీసుకుంటుంది, తొడ పొడుగు, పిక్క పొడుగు, కూర్చున్న ఎత్తు, అన్నీ వేరువేరుగా. దాని ప్రకారం కుర్చీ, కాళ్ళకింద పీట చేయించండి అని మేనేజరుకే అప్పజెప్పాడు. ఫైళ్ళ గది మాట ఎత్తొద్దన్నాడు. సర్జన్ దగ్గరికి వెళ్ళడానికి ఎప్పుడు కావాలంటే అప్పుడు సెలవు.

కుర్చీ వచ్చింది. నేను వెళ్ళి చూసి, కూర్చుని కూడా చూశాను. నా మోకాళ్ళు నా గడ్డం దగ్గరికి వచ్చాయి, అంటే ఆ పిల్లకి సరిగ్గా ఉన్నట్టు. సర్జన్ కూడా చూశాడు. ఆపరేషన్ చేయించుకోవడం మంచిదన్నాడు, అమ్మాయి సరేనంది. అయినా వీధిలో ఎవరూ ఇవేవీ చెప్పుకోరు. నెత్తి పగలగొట్టిందనే చెప్పుకుంటారు.

అందుకే ఇది రాయడానికి కూర్చునే ముందు, ఖచ్చితంగా ఉండాలని, మొన్న సాయంత్రం ఆ అమ్మాయి గుమ్మంలో కూర్చుని ఉంటే వెళ్ళి అడిగాను. "అమ్మాయీ, నాకు మాత్రం నిజం చెప్పు. ఆ కుర్చీ పడింది కదూ? నువ్వు విసరలేదు కదూ?"



"విసరడానికి నా చేతులు ఎక్కడ సాగుతాయి పెద్దమ్మా? ఎక్కాక కౌంటరు పట్టుకుని, వీపు దానికి ఆనించి, కుర్చీని రెండు కాళ్ళతో తన్నాను. నోటితో అడిగితే అన్నాళ్ళు వినపడలేదు, అది పడ్డాక వినపడింది. నువ్వూ అమ్మా ఆ రోజు నన్ను మాట్లాడనివ్వలేదు. అందుకే కొత్త కుర్చీలో కూర్చున్న రోజునే మేనేజరు సారుని పిలిచి చెప్పేశాను, అది దానంతట అది పడలేదు, తన్నాను అని. ఆయన తన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. ఏదో రాస్తున్నావట కదా, అదీ రాయి."